మావాడి మొదటి నెల ఉత్తరం



మిరప నారులో వచ్చే కుళ్ళు గురించి రాస్తానని పోయిన వారం చెప్పాను. అది ఇంకో రోజు రాస్తా. ఈ వారం రోజులుగా ఏ పని చేస్తున్నా మనసు ఒక ఉత్తరం చుట్టూనే తిరుగుతోంది. అదేదో రాసేస్తే గానీ వేరే పని సాగేట్టు లేదు.

మీలో చాలామందికి తెలుసు, మా పెద్దోడు జులైలో నేవీలో చేరాడు. కేరళలో కన్నూరు జిల్లా ఎజిమల అనే చోట ఇండియన్ నేవల్ అకాడమీ ఉంది. 2009లో మొదలైంది. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. మనవాళ్ళు కొందరు ఫోన్ చేసి ఎంత ఖర్చయింది, ఎవరిని పట్టుకున్నావు అని అడిగారు. ఎవర్నీ పట్టుకోలేదు. ఇంటర్ ఎంపీసీ చదివాడు, జేఈఈ మెయిన్ రాశాడు, ఆ ర్యాంకు మీద ఇంటర్వ్యూకి పిలిచారు. బెంగళూరులో అయిదు రోజులు ఉంచుకుని అన్ని రకాలుగా చూశారు. తర్వాత డాక్టరు పరీక్షలు. నాలుగేళ్ళు బీటెక్, దాంతోపాటే శిక్షణ. చదువుకి, తిండికి, బట్టలకి మనం కట్టేది లేదు. అయ్యాక సబ్ లెఫ్టినెంట్ అవుతాడు. అంతే, ఇందులో దాచడానికేం లేదు.

అయితే ఒకటి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. సముద్రం మీద ఉద్యోగానికి పోయిన మావాడికి ఈత రాదు. రాకుండా చేసింది నేనే.

చెన్నైలో రైలు మారి పయ్యనూరు స్టేషన్లో దిగాం. అక్కడ నేవీ వాళ్ళ బస్సు ఉంది. బస్సెక్కేటప్పుడు వాడు నా చెవి దగ్గరికొచ్చి, "నాన్నా, ఈత రాకపోతే పంపించేస్తారా?" అన్నాడు. నాకేం తెలుసు? "వాళ్ళే నేర్పుతార్లేరా" అన్నాను. బస్సు పోయింది. మొదట్లో ఫోన్లు దగ్గర ఉంచుకోనివ్వరంట. నెలలో రెండుసార్లు మాట్లాడాడు, అదీ మూడేసి నిమిషాలు. "బాగున్నాను, తింటున్నాను, బాగున్నాను." ఇంతే.

మొన్న మంగళవారం కందిలో గుంటక తోలిస్తుంటే మా పాప చెప్పుల్లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చింది, అన్నయ్య ఉత్తరం అంటూ. ఆరు పేజీలు, రెండు వైపులా. గట్టు మీద కూర్చుని చదివాను. ఇంటికెళ్ళాక వాళ్ళమ్మకి చదివి వినిపించాను. ఆమెకి చదవనిది ఒక పేజీ ఉంది, దాని సంగతి తర్వాత చెప్తా.

మొదటి రెండు పేజీలు మీరూ ఊహించుకోగలరు. దిగిన రోజే జుట్టు తీసేశారంట. "అద్దంలో చూసుకుంటే తిరుపతి నుంచి వచ్చినట్టున్నాను" అని రాశాడు. తెల్లారకముందే లేవాలి, వానలోనే పరుగు. అక్కడ జులై, ఆగస్టుల్లో వాన ఆగేది లేదు. మన దగ్గర ఏడాదంతా పడేది అక్కడ రెండు వారాల్లో పడుతుందేమో అంటాడు. ఒకచోట నుంచి ఇంకోచోటికి నడవకూడదు, పరిగెత్తాల్సిందే. ఆరిన బట్టలనేవి చూసి చాలా రోజులైందంట. గదిలో తోడున్నది హర్యానా కుర్రాడు, వాళ్ళదీ వ్యవసాయమే. "వాడికి ఇంగ్లీషు కష్టం, నాకు హిందీ కష్టం. గేదె పాల దగ్గర ఇద్దరికీ మాట కలిసింది" అన్నాడు.

మా ఆవిడ ఇక్కడ ఆపి, "ఫోర్కుతో అన్నం ఎట్లా తింటున్నాడో చూడు" అంది. అది కూడా రాశాడు లెండి. మొదటి వారం సగం ఆకలితోనే లేచాడంట. చేతికి స్పూను అలవాటు కాక కాదు, తినడానికి ఉన్న సమయం చాలక. ఇప్పుడు చాలుతోందంట.

మాటలు కూడా మారిపోయాయి. నేల మీద కట్టిన బిల్డింగే అయినా ఓడలో ఉన్నట్టే మాట్లాడతారంట. నేలని డెక్ అంటారు, వంటగదిని గ్యాలీ అంటారు, మరుగుదొడ్డిని హెడ్స్ అంటారు. గేటు దాటి ఊళ్ళోకి పోవడాన్ని ఒడ్డుకి పోవడం అంటారు. "మీరు ఉన్నది ఒడ్డు నాన్నా, నేను ఉన్నది ఓడ" అని రాశాడు. నవ్వొచ్చింది.

మూడో పేజీ నుంచి ఈత. వాడి మాటల్లోనే పెడతాను, ఒకటి రెండు చోట్ల కుదించాను.

"నాన్నా, రెండో వారంలో కొలను దగ్గరికి తీసుకెళ్ళి ఈత వచ్చినవాళ్ళు అటు, రానివాళ్ళు ఇటు అన్నారు. నేను ఇటు నిలబడ్డాను. ఒక్కణ్ణే ఉంటానని సిగ్గుపడ్డాను గానీ, చాలామందే ఉన్నారు. పంజాబ్, రాజస్థాన్, తెలంగాణ, అన్ని చోట్ల వాళ్ళూ ఉన్నారు.

మొదటి రోజు ఈత నేర్పలేదు. నాలుగడుగుల లోతులో గట్టు పట్టుకుని నిలబెట్టి, మొహం నీళ్ళలో పెట్టి గాలి వదలమన్నారు, అంతే. బుడగలు రావాలి. తల పైకి తీసి పీల్చాలి, మళ్ళీ ముంచి వదలాలి. గంటసేపు అదే పని. ఇదేం ఈత అనుకున్నా. కానీ నాకు అదే రాలేదు. తల ముంచగానే ఊపిరి బిగబట్టేస్తున్నా. బిగబడితే ఒంట్లో భయం పెరుగుతుంది, పైకి రాగానే వదలాలి, పీల్చాలి, రెండూ ఒకేసారి కుదరక నీళ్ళు మింగేస్తాం. నీళ్ళలో వదలడం వస్తే పైన పీల్చడం దానంతటదే వస్తుంది. నాకు అది రావడానికి నాలుగు రోజులు పట్టింది.

తర్వాత మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుని ముడుచుకుని నీళ్ళలో వదిలేయమన్నారు. నేను రాయిలాగా అడుక్కి పోతాననుకున్నా. పోలేదు నాన్నా. కొంచెం కిందికి వెళ్ళి, ఆగి, వీపు మెల్లగా పైకొచ్చింది. ఎవరూ పట్టుకోలేదు. నీళ్ళే మోశాయి.

మన విత్తన వడ్లు గుర్తొచ్చాయి. ఉప్పు నీళ్ళలో వేసినప్పుడు తాలు పైకి తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది. ఊపిరి నిండా పీలిస్తే మనిషి తాలు గింజ. మొత్తం వదిలేస్తే గట్టి గింజ. ఉన్న తేడా చాలా తక్కువ, అందుకే ఊపిరి ఒక్కటే తేడా చేసేస్తుంది. సముద్రంలో ఉప్పు వల్ల ఇంకొంచెం తేలిక. అయినా మన గుడ్డు మాత్రం సముద్రపు నీళ్ళలో తేలదు, మనం వేసేంత ఉప్పు సముద్రంలో ఉండదు. లీటరు మామూలు నీళ్ళు కిలో అయితే, సముద్రపు నీళ్ళు ఇంకో పాతిక గ్రాములు ఎక్కువ తూగుతాయంతే."

ఇది చదివి గట్టు మీద నవ్వుకున్నాను. వడ్లు ఉప్పు నీళ్ళలో వేసే పని ఏటా వాడిదే. గుడ్డు తేలిందా లేదా అని వాడే చూసేవాడు. ఆ తర్వాత మంచినీళ్ళలో రెండుసార్లు కడగమంటే మాత్రం మాయమైపోయేవాడు.

తర్వాతి మాటలు ఇవి.

"తేలడం వచ్చినా, మునిగేది ఎక్కడో మా ఇన్‌స్ట్రక్టర్ చూపించారు. తేలుతూ ఉన్నవాణ్ణి ఒక చెయ్యి పైకెత్తమన్నారు. ఎత్తాను. వెంటనే మొహం నీళ్ళలోకి పోయింది. రెండో చెయ్యి ఎత్తితే తల మొత్తం పోయింది. నీళ్ళలో ఉన్న భాగాన్నే నీళ్ళు మోస్తాయి. బయటికి తీసిన చెయ్యి బరువంతా మిగతా ఒంటి మీద పడి కిందికి తోస్తుంది. మునిగేవాడు చేసేది అదే. చేతులు పైకెత్తి కొట్టుకుంటాడు, ఎంత ఎత్తితే అంత లోపలికి పోతాడు. చేతులు నీళ్ళలోపలే ఉంచి పక్కలకి తిప్పుకుంటూ, తల వెనక్కి వాల్చి, నోరు ఆకాశం వైపు పెట్టమన్నారు. చెవులు మునిగినా పర్లేదు, నోరు బయట ఉంటే చాలు."

ఇక్కడ నేను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. గుంటక తోలే అతను పిలుస్తున్నా పలకలేదంట, తర్వాత చెప్పాడు.

2001 మే నెల. అప్పటికి మాకు బోరు లేదు, మోటార్ బావి మీదే ఉండేది. ఫుట్‌వాల్వులో ఏదో చిక్కుకుని నీళ్ళు లాగట్లేదని మా తమ్ముడు మెట్లు దిగాడు. పాత రాతి మెట్లు, నాచు పట్టి ఉన్నాయి. జారాడు. పన్నెండడుగుల నీళ్ళు ఉన్నాయేమో. వాడికి ఈత రాదు. నాకూ రాదు. నేను పైన ఉన్నాను. షెడ్డులో నైలాన్ తాడు ఉంటే తెచ్చి వేశాను. "చేతులు పైకెత్తరా, తాడు పట్టుకో, చేతులు పైకెత్తు" అని అరిచింది నేనే. వాడు ఎత్తాడు. ఎత్తినప్పుడల్లా లోపలికి పోయాడు. రెండుసార్లు తాడు అందింది. తడి చేతుల్లోంచి జారిపోయింది. పక్క చేనుల్లోంచి మనుషులు వచ్చేసరికి అయిపోయింది. వాడికి పంతొమ్మిదేళ్ళు నిండలేదు.

ఆ తర్వాత బావి మీద ఇనుప గ్రిల్ వేయించి తాళం కాదు, వెల్డింగే పెట్టించాను. పిల్లలు పుట్టాక చెరువు వైపు కూడా పోనివ్వలేదు. మావాడికి ఎనిమిదేళ్ళప్పుడు తోటి పిల్లలు బెండు కట్టుకుని చెరువులో దిగుతుంటే వీడు గట్టు మీద బట్టలకి కాపలా ఉన్నాడని తెలిసి, గట్టు దాకా ఎందుకు పోయావని కూడా కొట్టాను. బాబాయి బావిలో పడి పోయాడని వాడికి తెలుసు. తాడు సంగతి, నేను అరిచిన సంగతి తెలియదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాడు తెలిసి రాసింది కాదు ఇది. క్లాసులో చెప్పింది చెప్పినట్టు రాశాడు.

సాయంత్రం మళ్ళీ తీసి చదివాను.

"ఇప్పుడు 25 మీటర్లు ఈదుతున్నా నాన్నా. సోకుగా ఏం ఉండదు, నీళ్ళు చాలా కొడుతున్నానని తిట్లు తింటున్నా. ఉన్నచోటే కాళ్ళు ఆడిస్తూ రెండు నిమిషాలు ఉండగలుగుతున్నా. పరీక్షకి ఇది చాలదు. ఈత పాసు కాకపోతే మన బ్యాచ్ ముందుకు పోయి మనం వెనక ఉండిపోతామని సీనియర్లు అంటారు. అందుకే ఆదివారం కూడా కొలనుకి పోతున్నాం మా రానివాళ్ళ గుంపంతా.

మొన్న మూడు మీటర్ల బల్ల మీద నుంచి దూకించారు. కాళ్ళు రెండూ దగ్గరగా, చేతులు ఒంటికి అంటించి, గడ్డం పైకి, చూపు ఎదురుగా. కిందికి చూశావా, ఒళ్ళు ముందుకు వంగి పొట్ట మీద పడతావు. నేను మొదటిసారి చూశాను. పొట్ట ఎర్రగా కందిపోయింది, మన కల్లంలో నువ్వు బెల్టు తీసిన రోజు గుర్తొచ్చింది. రెండోసారి చూడలేదు. ఇంక పది మీటర్లది ఉంది. మన ఊరి వాటర్ ట్యాంకు నిచ్చెనలో సగం ఎత్తు ఉంటుంది. పైనుంచి నీళ్ళు తాకడానికి సెకనున్నర కూడా పట్టదంట, తాకేటప్పటికి బండి మీద యాభైలో పోయే వేగం ఉంటుందంట. దాని గురించి ఇప్పుడు ఆలోచించట్లేదు."

ఈ బెల్టు మాట దగ్గర మా ఆవిడ నా వైపు చూసింది. సరే, అది వేరే కథ.

ఇక ఆమెకి చదవని పేజీ.

"ముడుల క్లాసులో నాకు మంచి పేరొచ్చింది నాన్నా. నెలలో అదొక్కటే. బోలైన్ అని ఒక ముడి ఉంది. తాడు చివర ఒక ఉచ్చు వస్తుంది, కానీ అది జారుముడి కాదు. ఎంత లాగినా బిగుసుకోదు, పని అయ్యాక సులువుగా విప్పుకోవచ్చు. నీళ్ళలో ఉన్న మనిషికి తాడు వేయాలంటే ఉత్త తాడు వేయకూడదంట. అలసిపోయిన చేతికి పట్టు ఉండదు. ఈ ఉచ్చు వేసి వదిలితే, తల దూర్చి చంకల కిందికి తెచ్చుకుంటే చాలు, చేత్తో పట్టుకోకపోయినా పైవాళ్ళు లాగేయొచ్చు. ఒక చెయ్యి దూరినా ఎంతో కొంత నయం.

ఆయన చూపిస్తుంటే తాడు మధ్యలో చిన్న కన్ను పెట్టి, కొసని కింది నుంచి కన్నులోకి తెచ్చి, పెద్ద తాడు వెనక నుంచి తిప్పి, మళ్ళీ అదే కన్నులోకి దించి లాగాడు. కుందేలు బొరియలోంచి వచ్చి చెట్టు చుట్టి మళ్ళీ బొరియలోకి పోయిందని గుర్తుపెట్టుకోమన్నారు. నాకు ఏ కుందేలూ అక్కర్లేకపోయింది. ఇది మన దూడ ముడి. నువ్వూ, తాతయ్యా దూడ మెడకి పలుపు కట్టేది ఇదే కదా, లాగినా గొంతు బిగుసుకోకుండా. ఆయన రెండోసారి చూపించేలోపు నేను వేసేసి చెయ్యెత్తాను. ఎక్కడ నేర్చుకున్నావన్నారు. మా నాన్న దగ్గర అని చెప్పాను."

నేను ఆ ముడి నా పదేళ్ళ నుంచి వేస్తున్నాను. కళ్ళు మూసుకుని వేస్తాను. ఆ రోజు పొద్దున కూడా ఎర్ర దూడకి వేశాను, నాకు గుర్తుంది. వేసిన రెండు గంటలకి బావిలోకి ఉత్త తాడు వదిలాను.

ఆ ముడి వేసి ఉంటే వాడు బతికేవాడా అంటే చెప్పలేను. అంత కంగారులో ఉచ్చులో తల దూర్చేవాడో లేదో. కానీ రెండుసార్లు తాడు వాడి చేతికి అందిందన్నది మాత్రం నిజం.

రాత్రి నిద్ర పట్టక కొట్టంలోకి వెళ్ళి ఆ ముడి వేసి చూశాను. నూలు తాడుతో, కొబ్బరి తాడుతో గట్టిగా ఉంది. నైలాన్ తాడు నున్నగా ఉంటుంది కదా, బరువు లేనప్పుడు అటూ ఇటూ ఊపితే కొస మెల్లగా వెనక్కి జారుతోంది. అందుకని కొస కనీసం జానెడు వదిలి, దాన్ని ఉచ్చు తాడుకే ఇంకో ముడి వేశాను. అప్పుడు కదల్లేదు. ఎవరైనా వేస్తే ఇది గుర్తుపెట్టుకోండి. ఉచ్చు కూడా దూడ మెడకి వేసినంత కాదు, మనిషి తల, రెండు భుజాలు పట్టేంత ఉండాలి. నేను నా మీదే వేసుకుని కొలత చూశాను. మూర వెడల్పు పెడితే సరిపోయింది.

ఉత్తరం చివర వాడు ఒకటి అడిగాడు. "డిసెంబర్లో సెలవులు ఉంటాయంటున్నారు. అప్పటికి నేను పాసవుతాను. చెల్లికి నేను ఈత నేర్పుతా. మన బావి గ్రిల్ తీయించు నాన్నా. అమ్మకి ఇప్పుడే చెప్పొద్దు."

అందుకే ఆమెకి ఆ పేజీ చదవలేదు. చదవకపోయినా ఆమెకి ఏదో తెలిసింది, పేజీ నంబర్లు చూసింది.

నేను మూడు రోజులు ఆలోచించాను. గురువారం గ్రిల్ దగ్గరికి పోయి చూశాను. వెల్డింగు పెట్టిన చోటే ఎక్కువ తుప్పు పట్టింది. పాత బావి, ఇరవై ఏళ్ళుగా ఆకులు పడి కుళ్ళి ఉన్నాయి. లోపల గాలి ఎట్లా ఉందో తెలియకుండా మనిషిని దించకూడదు, అట్లాంటి గుంతల్లో ఊపిరాడక పోయినవాళ్ళ సంగతి మనం వింటూనే ఉన్నాం. మొదట గ్రిల్ తీసి నాలుగు రోజులు తెరిచి పెట్టాలి, పంపు పెట్టి పాత నీళ్ళు తోడించాలి, పూడిక తీయించాలి, నాచు గీకించి మెట్లకి సిమెంటు చేయించాలి, పట్టుకోవడానికి ఒక పైపు బిగించాలి. ఈత నేర్చుకునేది వేరే చోట నడుము లోతులో మొదలుపెడితేనే మంచిదని కూడా నాకు అనిపిస్తోంది. వాడు నేర్చుకున్నది నాలుగడుగుల్లోనే కదా. మా బావిలో నిలబడే చోటే లేదు. ఈ మాట వాడికి రాశాను. గ్రిల్ తీయిస్తానని కూడా రాశాను. తాడు సంగతి, ఆ రోజు నేను అరిచిన సంగతి కూడా రాశాను, ఒక పేజీన్నర పట్టింది. పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

వెల్డింగు అతను ఆదివారం గ్యాస్ కట్టరు తీసుకుని వస్తానన్నాడు. శనివారం రాత్రి లోపు మా ఆవిడకి చెప్పాలి.

పూడిక తీసేవాళ్ళు మీ వైపు ఎవరైనా ఉంటే చెప్పండి. రోజుకి ఎంత తీసుకుంటున్నారో కూడా చెప్పండి. మిరప నారు గురించి వచ్చే వారం రాస్తాను.